పెద్ద పీడీఎఫ్ నుంచి కొన్ని పేజీలే వేరు చేస్తే బుక్‌మార్కులు, లింకులు ఏమవుతాయి?

640 పేజీల పీడీఎఫ్ నుంచి 73 పేజీలు వేరు చేయడం ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌కైనా క్షణాల్లో అయ్యే పని. చిక్కంతా ఆ కొత్త ఫైల్‌ను తెరిచాక మొదలవుతుంది. ఒక్కోసారి ఎడమవైపు బుక్‌మార్కుల పట్టీ పూర్తిగా ఖాళీగా కనిపిస్తుంది. మరోసారి పాత 640 పేజీల బుక్‌మార్కులన్నీ యథాతథంగా ఉంటాయి గానీ, వాటిలో ఎక్కువ భాగం నొక్కినా కదలవు. విషయసూచికలోని లింక్ చూపించే పేజీ కొత్త ఫైల్‌లో ఉన్నా సరే, ఆ లింక్ పనిచేయకపోవచ్చు. ఒకే ఫైల్ నుంచి, ఒకే పేజీలను వేర్వేరు సాధనాలతో తీస్తే ఫలితాలు ఇంత భిన్నంగా ఎందుకు వస్తాయో తెలియాలంటే, పీడీఎఫ్ లోపల ఏది ఎక్కడ నిల్వ ఉంటుందో ముందు చూడాలి.

ఈ అవసరం న్యాయవాదుల కార్యాలయాల్లో తరచూ ఎదురవుతుంది. హైదరాబాద్ నుంచో అమరావతి నుంచో సుప్రీంకోర్టుకు వెళ్లే స్పెషల్ లీవ్ పిటిషన్ పేపర్ బుక్, అంటే ఆ కేసు కాగితాలన్నీ కలిపి కూర్చిన సంపుటి, వందల పేజీలు ఉంటుంది. అందులో ఇండెక్స్, హైకోర్టు తీర్పు, అనెక్సర్లనే జతపత్రాల్లో ఒకటి మాత్రం విడిగా కావాలని సీనియర్ న్యాయవాది అడుగుతారు. ఈ వ్యాసంలో అలాంటి పేపర్ బుక్‌నే ఊహించుకుని, దాన్నే చివరిదాకా ఉదాహరణగా వాడుకుందాం.

## పేజీ ఒకచోట, బుక్‌మార్క్ మరోచోట

1993లో అడోబీ సంస్థ విడుదల చేసి, 2008లో ఐఎస్ఓ 32000-1 పేరుతో అంతర్జాతీయ ప్రమాణంగా మారిన ఈ ఫార్మాట్‌లో, ఫైల్ అంటే వరుసగా పేర్చిన పేజీల దొంతర కాదు. అది నంబర్లు వేసిన వస్తువుల సముదాయం. ప్రతి పేజీ ఒక వస్తువు, ప్రతి ఫాంట్ ఒక వస్తువు, ప్రతి బొమ్మా ఒక వస్తువు. ఒకటి మరొకదాన్ని నంబరుతో ప్రస్తావిస్తుంది. వీటన్నింటికీ పైన కేటలాగ్ అనే మూల వస్తువు ఉంటుంది. ఫైల్‌ను తెరిచే సాఫ్ట్‌వేర్ మొదట దాన్ని పట్టుకుని, అక్కడి నుంచి మిగతా వాటికి వెళ్తుంది.

బుక్‌మార్కుల జాబితా పేజీల్లో ఉండదు. కేటలాగ్ నుంచి /Outlines అనే కొమ్మగా బయలుదేరుతుంది. అందులో ప్రతి బుక్‌మార్కుకూ ఒక శీర్షిక, ఒక గమ్యం, దాని పై బుక్‌మార్క్ ఏది, పక్కది ఏది, కిందివి ఏవి అనే సమాచారం ఉంటాయి. తనపై ఏ బుక్‌మార్క్ గురిపెట్టి ఉందో పేజీకి తెలియదు. కాబట్టి ఒక సాధనం పేజీలను మాత్రమే కాపీ చేసిందంటే బుక్‌మార్కులు పోవడం లోపమేమీ కాదు. అవి ఆ పేజీల వెంట ఎప్పుడూ లేవు.

లింకుల సంగతి వేరు. లింక్ తన పేజీలోనే, /Annots అనే జాబితాలో ఉంటుంది. మన పేపర్ బుక్ ఇండెక్స్‌లో ‘అనెక్సర్ పి-7’ మీద ఉన్న లింక్‌ను లోపల చూస్తే ఇలా ఉంటుందనుకుందాం:

```
812 0 obj
<< /Type /Annot /Subtype /Link
   /Rect [72 540 310 556]
   /Dest [1460 0 R /XYZ 72 790 null] >>
endobj
```

/Rect అనేది పేజీ మీద ఒక దీర్ఘచతురస్రం. కొలత పాయింట్లలో, అంటే అంగుళానికి 72 చొప్పున, సాధారణంగా పేజీ ఎడమ కింది మూల నుంచి లెక్క. ఆ దీర్ఘచతురస్రం కింద ఏ అక్షరాలున్నాయో లింకుకు తెలియదు. స్కాన్ చేసిన కాగితం బొమ్మ మీద కూడా లింక్ పెట్టగలగడానికి కారణం అదే. /Dest లో ఉన్న 1460 అనేది గమ్యపు పేజీ వస్తువు నంబరు. ‘251వ పేజీకి వెళ్లు’ అని అక్కడ రాసి లేదు, ‘1460వ వస్తువైన పేజీకి వెళ్లు’ అని ఉంది. ఈ తేడా చాలా ముఖ్యం. పేజీల వరుస మారినా, ముందున్న పేజీలు తొలగిపోయినా, 1460వ వస్తువు కొత్త ఫైల్‌లో పేజీగా నిలిచి ఉండి, దాన్ని సూచించే నంబరును సాధనం సరిగా చూసుకున్నంతవరకు లింక్ పనిచేస్తుంది.

## గమ్యాన్ని పేరుతో చెప్పినప్పుడు

అన్ని లింకులూ గమ్యాన్ని ఇంత సూటిగా చెప్పవు. కొన్ని ఫైళ్లలో లింక్ ఒక పేరును మాత్రమే చెబుతుంది. ఉదాహరణకు ‘annexure.7’ అని ఉంటుంది. ఆ పేరు ఏ పేజీకి చెందుతుందో చెప్పే పట్టిక కేటలాగ్ కింద, /Names లోని /Dests అనే చోట ఉంటుంది. లేటెక్‌లో హైపర్‌రెఫ్ ప్యాకేజీతో తయారైన పీడీఎఫ్‌లలో ఈ పద్ధతే కనిపిస్తుంది. విశ్వవిద్యాలయ సిద్ధాంత గ్రంథాలు, గణిత పాఠ్యపుస్తకాలు ఎక్కువగా ఈ కోవలోకి వస్తాయి.

చాలామందిని అయోమయంలో పడేసే పరిస్థితి ఇక్కడే పుడుతుంది. పేజీలను కాపీ చేసే సాధనం లింకును తెచ్చింది, గమ్యపు పేజీనీ తెచ్చింది, కానీ కేటలాగ్ కింద ఉన్న పేర్ల పట్టికను పాత ఫైల్‌లోనే వదిలేసింది. అప్పుడు లింక్ మీద కర్సర్ చేతి గుర్తుగా మారుతుంది, నొక్కితే మాత్రం ఏమీ జరగదు. రెండు కొసలూ ఉండి మధ్య తీగ తెగిందన్నమాట. గమ్యపు పేజీ కొత్త ఫైల్‌లో ఉన్నా లింకులన్నీ ఒక్కసారిగా చచ్చుబడ్డాయంటే మొదట అనుమానించాల్సింది ఈ పట్టికనే.

వెబ్ చిరునామాలకు వెళ్లే లింకులకు ఈ బాధ లేదు. చిరునామా మొత్తం లింకులోనే ఉంటుంది కాబట్టి పేజీ ఎక్కడికి వెళ్తే అవీ అక్కడికి వెళ్తాయి. అందువల్ల, తీసిన ఫైల్‌లో ఒక వెబ్ లింకును నొక్కి చూసి ‘లింకులన్నీ బాగున్నాయి’ అనుకోవడం సరిపోదు. ఫైల్ లోపలే తిరిగే లింకును నొక్కి చూడాలి.

## మూడు దారులు, మూడు రకాల ఫలితాలు

పేజీలను వేరు చేయడానికి పైకి ఎన్ని సాధనాలు కనిపించినా, లోపల జరిగే పని మూడు రకాలే.

మొదటిది ప్రింట్ మార్గం. ప్రింట్ ఆదేశం ఇచ్చి, ప్రింటర్ బదులు పీడీఎఫ్‌ను ఎంచుకుని, పేజీల పరిధి రాయడం చాలామందికి అలవాటు. ఇందులో పేజీ రూపం మాత్రమే ప్రింట్ వ్యవస్థకు చేరుతుంది. లింకుల దీర్ఘచతురస్రాలకు, బుక్‌మార్కుల కొమ్మకు కాగితం మీద చోటు లేదు కాబట్టి సాధారణంగా రెండూ పోతాయి. వాటిని నిలుపుకోవాలంటే ఈ దారిని పక్కనపెట్టాలి.

రెండోది ఖాళీ ఫైల్‌ను సృష్టించి, కావలసిన పేజీలను అందులోకి కాపీ చేయడం. లింకుల వస్తువులు పేజీతో పాటు వస్తాయి. కేటలాగ్ కొత్తది కాబట్టి బుక్‌మార్కులు, పేర్ల పట్టిక, పేజీ లేబుళ్ల వంటివి సాధనం ప్రత్యేకంగా పూనుకుంటే తప్ప రావు.

మూడోది పాత ఫైల్ నకలును తీసుకుని, అక్కర్లేని పేజీలను తొలగించడం. కేటలాగ్ అలాగే ఉంటుంది కనుక బుక్‌మార్కులూ, పేర్ల పట్టికా నిలుస్తాయి. కానీ తొలగిన పేజీల వైపు గురిపెట్టినవి కూడా నిలుస్తాయి. వాటిని ఏం చేయాలన్నది మళ్లీ సాధనాన్ని బట్టి ఉంటుంది.

ఉచితంగా దొరికే qpdf అనే సాధనంలో రెండో, మూడో దారుల మధ్య తేడా ఒక్క పదంలోనే కనిపిస్తుంది:

```
qpdf --empty --pages book.pdf 3-5,21-58,251-282 -- a.pdf
qpdf book.pdf --pages . 3-5,21-58,251-282 -- b.pdf
```

మొదటి ఆదేశం ఖాళీ ఫైల్‌తో మొదలవుతుంది. కాబట్టి a.pdf లో బుక్‌మార్కులు ఉండవు. రెండో ఆదేశంలో book.pdf నే మూలంగా ఇచ్చాం, ఆ తర్వాతి చుక్కకు ‘అదే ఫైల్ నుంచి’ అని అర్థం. b.pdf లో పాత బుక్‌మార్కులన్నీ ఉంటాయి, వాటిలో మనం తీసుకున్న పేజీలకు చెందినవి పనిచేస్తాయి. మిగతావి కనిపిస్తాయి గానీ ఎక్కడికీ తీసుకెళ్లవు. ఒకే సాధనం వాడిన ఇద్దరిలో ఒకరు బుక్‌మార్కులు పోయాయని, మరొకరు అక్కర్లేనివి కూడా మిగిలాయని అంటున్నారంటే, ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

## ఉదాహరణ: 640 పేజీల నుంచి 73

ఇప్పుడు పేపర్ బుక్‌లోకి వద్దాం. మొదటి 20 పేజీలు ముఖపత్రం, ఇండెక్స్, సినాప్సిస్ వంటివి. వీటికి అంకెలకు బదులు బి, సి, డి తరహా అక్షరాలు వేయడం సుప్రీంకోర్టు పేపర్ బుక్‌లలో వాడుక. ఫైల్‌లో 21వ పేజీ నుంచి హైకోర్టు తీర్పు మొదలవుతుంది, దాని మీద 1 అని ముద్రించి ఉంటుంది. అంటే ముద్రిత సంఖ్యకు 20 కలిపితే ఫైల్ వరుస సంఖ్య వస్తుంది. సీనియర్‌కు కావలసినవి ఇండెక్స్ 3 పేజీలు (ఫైల్ వరుసలో 3 నుంచి 5), తీర్పు 38 పేజీలు (21 నుంచి 58), ముద్రిత సంఖ్య 231 నుంచి 262 వరకు ఉన్న అనెక్సర్ పి-7, అంటే ఫైల్ వరుసలో 251 నుంచి 282 వరకు 32 పేజీలు. మొత్తం 73.

ముద్రిత సంఖ్యనే ఆదేశంలో రాస్తే పి-7 బదులు దానికి 20 పేజీల ముందున్న కాగితాలు వస్తాయి. ఈ పనిలో జరిగే అతి సాధారణమైన పొరపాటు ఇదే. వీక్షణ సాఫ్ట్‌వేర్ పై పట్టీలో ‘231 (640లో 251)’ అన్నట్టు రెండు సంఖ్యలు కనిపిస్తే, ఆదేశంలో వాడాల్సింది రెండోది.

మిగిలిన పేజీలకు చెందిన బుక్‌మార్కులు, లింకులు వాటంతట అవే తొలగిపోవాలనుకుంటే, పైథాన్‌లో వాడే PyMuPDF లైబ్రరీ ఆ పని చేస్తుంది. ఎంచుకున్న పేజీలకు గానీ బయటి వనరులకు గానీ వెళ్లే లింకులు, బుక్‌మార్కులు నిలుస్తాయని, మిగతావి పోతాయని దాని వివరణ పత్రమే చెబుతుంది.

```
import pymupdf
doc = pymupdf.open("book.pdf")
keep = [*range(2, 5), *range(20, 58), *range(250, 282)]
doc.select(keep)
doc.save("part.pdf", garbage=3, deflate=True)
```

ఇక్కడ పేజీల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, పరిధిలోని చివరి సంఖ్య లెక్కలోకి రాదు. అందుకే 3 నుంచి 5 అనేది `range(2, 5)` అయింది. ఆ తర్వాత part.pdf ను తెరిచి `get_toc()` తో బుక్‌మార్కులను అడిగితే ఇలాంటి జాబితా వస్తుంది:

```
[1, 'ఇండెక్స్', 1]
[1, 'హైకోర్టు తీర్పు', 4]
[1, 'అనెక్సర్లు', -1]
[2, 'పి-7 అవార్డు', 42]
[3, 'షెడ్యూల్', 61]
```

ప్రతి వరుసలో మొదటిది అంతస్తు, రెండోది శీర్షిక, మూడోది కొత్త ఫైల్‌లో పేజీ సంఖ్య. ఈ జాబితాలో లెక్క ఒకటి నుంచే మొదలవుతుంది. పాత ఫైల్‌లో 21వ పేజీలో ఉన్న తీర్పు ఇప్పుడు 4వ పేజీ అయింది. 251లో ఉన్న పి-7 ఇప్పుడు 42. దానికి 19 పేజీల తర్వాత, అంటే 270లో ఉన్న షెడ్యూల్ ఇప్పుడు 61. ఈ కూడికలు మనం చేయలేదు. బుక్‌మార్కులు పేజీ వస్తువులను పట్టుకుని ఉన్నాయి కాబట్టి వాటంతట అవే సరిపోయాయి.

జాగ్రత్తగా చూడాల్సింది మూడో వరుస. ‘అనెక్సర్లు’ అనే పై బుక్‌మార్క్ పాత ఫైల్‌లో 160వ పేజీకి వెళ్లేది. ఆ పేజీని మనం తీసుకోలేదు. దాని కింద పి-7 బతికి ఉంది కాబట్టి పై బుక్‌మార్కును పూర్తిగా తీసేస్తే కింది శాఖ మొత్తం ఆధారం కోల్పోతుంది. అందుకని శీర్షికను ఉంచి, గమ్యాన్ని మాత్రం తొలగించారు. -1 అంటే గమ్యం లేదని. దాన్ని పి-7 మొదటి పేజీకి మళ్లించడం తేలిక. part.pdf ను అదే పద్ధతిలో తెరిచి ఇలా రాయవచ్చు:

```
toc = doc.get_toc()
toc[2][2] = 42
doc.set_toc(toc)
doc.save("final.pdf", garbage=3, deflate=True)
```

ఇలా జాబితాను మళ్లీ రాసేటప్పుడు మొదటి వరుస అంతస్తు 1 అయి ఉండాలి, తర్వాత ఏ వరుసా దాని ముందు వరుస కంటే ఒక మెట్టుకు మించి లోపలికి దిగకూడదు. మధ్యలోని ‘పి-7 అవార్డు’ వరుసను చేత్తో తీసేసి, 3వ అంతస్తులోని ‘షెడ్యూల్’ను అలాగే ఉంచితే ప్రోగ్రామ్ ఒప్పుకోదు.

ఇక లింకుల విషయం. ఇండెక్స్‌లో పి-7 మీద ఉన్న లింక్ పనిచేస్తుంది. పి-1 నుంచి పి-6 వరకు ఉన్న లింకులు తొలగిపోతాయి. అయినా ఆ వరుసలు నీలిరంగులో గీతతో అలాగే కనిపిస్తాయి, ఎందుకంటే రంగూ గీతా పేజీ మీది ముద్రణలో భాగం, లింక్ అనేది దాని మీద పరిచిన కనిపించని దీర్ఘచతురస్రం మాత్రమే. అందుకే నీలిరంగు ఉన్నంత మాత్రాన లింక్ ఉన్నట్టు కాదు. అదే qpdf తో తీసిన ఫైల్‌లో ఆ దీర్ఘచతురస్రాలు మిగిలే ఉంటాయి, కర్సర్ పెడితే చేతి గుర్తు వస్తుంది, గమ్యం మాత్రం ఖాళీ.

## బుక్‌మార్కులను చేత్తో తిరిగి కట్టే పద్ధతి, తెలుగు శీర్షికల చిక్కు

ప్రోగ్రామ్ రాయడం ఇష్టం లేనివారు pdftk అనే సాధనంతో బుక్‌మార్కులను మామూలు అక్షర ఫైల్‌గా బయటికి తీసి, దిద్ది, మళ్లీ ఎక్కించవచ్చు.

```
pdftk book.pdf dump_data_utf8 output book.txt
pdftk book.pdf cat 3-5 21-58 251-282 output part.pdf
pdftk part.pdf update_info_utf8 part.txt output final.pdf
```

book.txt లో ప్రతి బుక్‌మార్కుకూ ఇలాంటి ముక్క ఉంటుంది. మనకు కావలసినవి మాత్రం ఉంచి, పేజీ సంఖ్యలు మార్చి part.txt గా దాచుకోవాలి:

```
BookmarkBegin
BookmarkTitle: పి-7 అవార్డు
BookmarkLevel: 2
BookmarkPageNumber: 42
```

ఇక్కడ గమ్యం వస్తువుగా కాక సంఖ్యగా ఉంది కాబట్టి లెక్క మనమే చేయాలి. ఇండెక్స్ భాగానికి పాత సంఖ్య నుంచి 2, తీర్పు భాగానికి 17, పి-7 భాగానికి 209 తీసేయాలి. ఒకటి కంటే ఎక్కువ భాగాలు తీసినప్పుడు ఒక్కో భాగానికి ఒక్కో తీసివేత ఉంటుందన్నది మరచి, అన్నింటికీ ఒకే సంఖ్య తీసేస్తే మొదటి భాగం బుక్‌మార్కులు సరిగ్గా, రెండో భాగానివి దూరంగా పడతాయి. మొదటి బుక్‌మార్కును మాత్రమే నొక్కి చూసేవారికి ఈ తప్పు కనబడదు, చివరిదాన్ని నొక్కితేనే బయటపడుతుంది.

తెలుగు శీర్షికలున్నవారు ఆదేశంలోని utf8 అనే ముక్కను వదలకూడదు. అది లేని dump_data ఆదేశం తెలుగు అక్షరాలను &#3114; వంటి సంకేత సంఖ్యలుగా రాస్తుంది. ఆ సంఖ్యల వరుసలో ఏ శీర్షిక ఏదో కంటితో గుర్తుపట్టి దిద్దడం అసాధ్యం. ఎక్కించేటప్పుడు కూడా update_info_utf8 నే వాడాలి, లేకపోతే తెలుగు బదులు అర్థంకాని గుర్తులు పట్టీలో కనిపించే ప్రమాదం ఉంది.

## అధ్యాయం మధ్య నుంచి తీసినప్పుడు

పై ఉదాహరణలో పి-7 మొత్తాన్ని తీసుకున్నాం కాబట్టి పని సాఫీగా జరిగింది. సీనియర్ ‘పి-7లో 245 నుంచి చివరిదాకా చాలు’ అన్నారనుకుందాం. అది ఫైల్ వరుసలో 265 నుంచి 282. పి-7 బుక్‌మార్క్ 251వ పేజీకి గురిపెట్టి ఉంది. ఆ పేజీ ఎంపికలో లేదు కాబట్టి యంత్రం దృష్టిలో ఆ బుక్‌మార్క్ చెల్లదు. కానీ చదువరి దృష్టిలో 265 నుంచి 269 వరకు ఉన్నవి పి-7 పేజీలే. కొత్త ఫైల్‌లో పాత 270వ పేజీ వైపు చూపే ‘షెడ్యూల్’ బుక్‌మార్క్ మాత్రమే పనిచేస్తుంది, దానికి ముందున్న అయిదు పేజీలు ఏ అనెక్సర్‌కు చెందినవో చెప్పేది ఏదీ ఉండదు.

దీనికి కారణం బుక్‌మార్క్ ఒక బిందువును చూపుతుందే తప్ప పరిధిని చూపదు. ‘ఈ అధ్యాయం ఇక్కడి నుంచి ఇక్కడి దాకా’ అనే సమాచారం ఆ కొమ్మలో ఎక్కడా లేదు. తర్వాతి బుక్‌మార్క్ మొదలయ్యే దాకా ముందుదే నడుస్తోందని మనం ఊహించుకుంటాం. ఆ ఊహను సాధనం చేయదు. అందువల్ల తీసే ప్రతి భాగానికీ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ భాగం మొదటి పేజీ మీదే ఒక బుక్‌మార్క్ మొదలవుతోందా? కాకపోతే, దానికి ముందు వచ్చిన చివరి బుక్‌మార్కును ఆ మొదటి పేజీకి మళ్లించాలి. శీర్షిక చివర ‘(245 నుంచి)’ అని చేరిస్తే చదివేవారికి ఇది పూర్తి పత్రం కాదని కూడా తెలుస్తుంది.

## చచ్చుబడిన లింకులు, పేజీ సంఖ్యలు: భిన్న అభిప్రాయాలు

గమ్యం లేని లింకులు, బుక్‌మార్కులు తీసేయాలా, ఉంచాలా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. తీసేయాలనేవారి వాదన స్పష్టమే. నొక్కితే కదలని వరుసలు వందల్లో ఉంటే, పనిచేసే మూడు నాలుగు వాటి మధ్య దొరకవు. ఉంచాలనేవారు చెప్పేదాంట్లోనూ పస ఉంది. పూర్తి బుక్‌మార్కుల పట్టీ చూస్తే ఈ 73 పేజీలు ఎంత పెద్ద రికార్డులో ఎక్కడివో తెలుస్తుంది. మూడో వర్గం ఆ లింకులను పూర్తి పేపర్ బుక్ ఫైల్‌కే మళ్లించమంటుంది. పీడీఎఫ్‌లో అందుకు /GoToR అనే ఏర్పాటు ఉంది. అయితే అది పూర్తి ఫైల్ పేరును, పేజీ సంఖ్యను పట్టుకుని ఉంటుంది. ఫైల్ పేరు మారినా, రెండు ఫైళ్లూ వేర్వేరు ఫోల్డర్లలోకి వెళ్లినా తెగిపోతుంది. వాట్సాప్‌లో ఒక ఫైల్ మాత్రమే పంపే అలవాటున్నచోట ఇది నిలవదు. ఫైల్ బయటివారికి వెళ్లేదైతే తీసేయడమే మేలని నా అభిప్రాయం. అందుకు మరో కారణం కూడా ఉంది, దాన్ని కింది భాగంలో చెబుతాను.

పేజీ సంఖ్యల విషయంలోనూ ఇలాంటి చర్చే ఉంది. పీడీఎఫ్ కేటలాగ్‌లో /PageLabels అనే మరో పట్టిక ఉంటుంది. వీక్షణ పట్టీలో బి, సి, డి అని, ఆ తర్వాత 1, 2, 3 అని చూపేది అదే. qpdf ఈ లేబుళ్లను పేజీలతో పాటు తీసుకొస్తుంది, అంటే కొత్త ఫైల్‌లో 42వ పేజీ పట్టీలో 231గానే కనిపిస్తుంది. కొందరికి ఇది గందరగోళం. 73 పేజీల ఫైల్‌లో 231వ పేజీ ఏమిటని అడుగుతారు. పాఠ్యపుస్తకంలోని అధ్యాయాన్ని విద్యార్థులకు విడిగా ఇచ్చేటప్పుడు ఒకటి నుంచి మళ్లీ లెక్క పెట్టడంలో తప్పేమీ లేదు. కోర్టు రికార్డుల్లో మాత్రం పాత సంఖ్యలే ఉండాలి. ధర్మాసనం ముందు ‘పేపర్ బుక్ 250వ పేజీ చూడండి’ అన్నప్పుడు, చేతిలోని ఫైల్‌లో 250 అని కొడితే షెడ్యూల్ తెరుచుకోవాలి, 61 కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు. లేబుళ్లు రాని సాధనంతో తీసినట్లయితే, PyMuPDF లోని set_page_labels తో కొత్త ఫైల్ 42వ పేజీ నుంచి 231తో లెక్క మొదలుపెట్టమని చెప్పవచ్చు. అక్కడ కూడా ఆ పేజీ స్థానాన్ని సున్నా నుంచి లెక్కిస్తూ 41 అని రాయాలి.

## తీయని పేజీలు కొత్త ఫైల్‌లోనే దాగి ఉంటే

వస్తువులు ఒకదాన్నొకటి ప్రస్తావించే ఈ నిర్మాణం వల్లే మరో ప్రమాదం ఉంది. ఇండెక్స్ పేజీని కాపీ చేసే సాధనం దాని లింకులను కాపీ చేస్తుంది. లింక్ పి-3 పేజీని ప్రస్తావిస్తుంది కాబట్టి, జాగ్రత్తగా రాయని సాధనం ఆ పేజీ వస్తువును కూడా వెంట తెస్తుంది. ఆ పేజీ తన బొమ్మలను, ఫాంట్లను లాక్కొస్తుంది. కొత్త ఫైల్ పేజీల వరుసలో పి-3 కనిపించదు గానీ, ఫైల్ లోపల దాని సమాచారం పూర్తిగా ఉంటుంది. ఓపిక ఉన్నవారు దాన్ని బయటికి తీయగలరు. ‘సేవ్’ నొక్కినప్పుడు మార్పులను ఫైల్ చివర చేర్చి, పాత వస్తువులను అలాగే వదిలే సాఫ్ట్‌వేర్‌లలోనూ ఇదే జరుగుతుంది. పేజీలు తొలగించినట్టు కనిపిస్తాయి, ఫైల్ మాత్రం తగ్గదు.

దీన్ని గుర్తించే మొదటి ఆధారం పరిమాణం. స్కాన్ చేసిన 640 పేజీల ఫైల్ 64 ఎంబీ ఉంటే, పేజీకి సగటున 100 కేబీ. 73 పేజీల ఫైల్ 7 ఎంబీకి అటూఇటూగా రావాలి. అది 60 ఎంబీ దగ్గరే ఉంటే తొలగించిన పేజీలు లోపలే ఉన్నాయని అనుమానించాలి. పేజీలన్నింటికీ ఉమ్మడిగా బొమ్మల పట్టిక ఉన్న ఫైళ్లలో కూడా పరిమాణం తగ్గదు, అప్పుడు కారణం వేరైనా ఫలితం అదే. qpdf తొలగించిన పేజీ వస్తువులను శూన్యం చేసేస్తుంది కాబట్టి బుక్‌మార్కులు వాటిని పట్టుకుని ఉంచలేవు. PyMuPDF లో పైన రాసిన garbage=3 అనే మాట ఎవరూ ప్రస్తావించని వస్తువులను ఏరివేయడానికే.

పేజీలు నిజంగా పోయినా, బుక్‌మార్కుల శీర్షికలు మిగిలితే అవి కూడా సమాచారమే. ‘పి-12 వైద్య నివేదిక’ అనే శీర్షిక, ఆ నివేదిక ఫైల్‌లో లేకపోయినా, అలాంటి పత్రం ఒకటి ఉందని చెప్పేస్తుంది. బయటికి పంపే ఫైల్‌లో గమ్యం లేని బుక్‌మార్కులను ఉంచవద్దనడానికి ఇది రెండో కారణం.

## డిజిటల్ సంతకం సంగతి

కోర్టుల వెబ్‌సైట్ల నుంచి దిగుమతి చేసుకున్న ఉత్తర్వుల మీద డిజిటల్ సంతకం ఉండటం ఇప్పుడు మామూలే. ఆ సంతకం ఫైల్‌లోని బైట్ల వరుస మీద లెక్కగట్టినది, పేజీ మీద కనిపించే ముద్ర దాని బొమ్మ మాత్రమే. పేజీలు వేరు చేస్తే బైట్లు మారతాయి కాబట్టి ఏ సాధనం వాడినా సంతకం చెల్లదు. ముద్ర బొమ్మ మాత్రం పేజీతో పాటు రావచ్చు, చూసేవారు అది చెల్లుబాటులోనే ఉందనుకునే అవకాశం ఉంది. కాబట్టి సంతకం ఉన్న ఉత్తర్వు నుంచి కొన్ని పేజీలు తీసి పంపేటప్పుడు అసలు ఫైల్‌ను మార్చకుండా దానితో పాటే జతచేయాలి. సంతకాన్ని సరిచూసుకోవాలనుకునేవారు ఆ అసలు ఫైల్‌లోనే చూసుకోగలరు.